కాన్పుతో బీపీ పోదు



కడుపుతో ఉన్నప్పుడు బీపీ వచ్చినామెకి కాన్పయితే గండం గడిచిందనుకుంటాం. కానీ బీపీ బాగా పెరిగేది కాన్పయ్యాక మూడో రోజు నుంచి ఆరో రోజు లోపే. సోమవారం రాజమండ్రిలో కాన్పయినామె గురువారం మారేడుమిల్లి పైనున్న ఊరికి చేరుద్దనుకోండి. ఆదివారం దాకా గండమే. ఆశా వచ్చేది మూడో రోజు, ఏడో రోజు. మూడో రోజు బాలింత ఇంకా దారిలోనే ఉంటది. అందుకే ఐదో రోజున ఏఎన్ఎం వచ్చి బీపీ చూడాలి.

పాలు చెడతాయని మాత్రలు మానొద్దు. నిఫెడిపిన్, లాబెటలాల్, ఎనలాప్రిల్ పాలల్లోకి చాలా కొద్దిగానే పోతాయి. డాక్టరు రాసినవి పాలిస్తూనే వేసుకోవచ్చు. బిడ్డ నెలలు నిండకుండా పుడితే ఆ సంగతి డాక్టరుకి చెప్పాలి. ఎనలాప్రిల్ వాడుతుంటే, మళ్లీ కడుపు రాకముందే మాత్ర మార్పించుకోవాలి.

బీపీ 160/110కి చేరినా, తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకేసినా, పొట్ట పైభాగం నొప్పెట్టినా, ఆయాసమొచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఫిట్స్, అంటే గుర్రపువాతం, కాన్పయ్యాక కూడా వస్తది.

ఆరు వారాలకి బీపీ, మూత్రం పరీక్ష చేయించాలి. మళ్లీ కడుపు నిలిస్తే మూడో నెలలోపే చెప్పాలి, ఆస్పిరిన్ మొదలెడతారు.

మనం అడిగేది ఒకటే: డిశ్చార్జి చీటీలో బీపీ ఎంతుందో, మాత్ర పేరేంటో, మళ్లీ ఏ రోజు చూడాలో రాయాలి. ఆ కబురు బాలింత కంటే ముందే ఊరి ఏఎన్ఎంకి చేరాలి.