స్క్రబ్ టైఫస్: జీవితంలో ఒక్కసారే కుట్టే పురుగుకి ఆ జబ్బు ఎక్కడినుంచి వచ్చింది?

తొలకరి పడగానే చేలల్లో, ఇసుక నేలల్లో ఎర్రగా, మఖమల్ గుడ్డ ముక్కలా మెత్తగా ఉండే పురుగు ఒకటి కనిపిస్తుంది కదా. మనం ఆరుద్ర పురుగు అంటాం. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో వేసుకుని స్కూలుకి తీసుకెళ్లినవాళ్లు చాలామందే ఉంటారు. నేనూ తీసుకెళ్లాను. అది ఎవర్నీ కుట్టదు, చేతిలో పెట్టుకుంటే కాళ్లు ముడుచుకుని కూర్చుంటుంది.

ఈరోజు మాట్లాడుకునేది దాని దూరపు చుట్టం గురించి. పేరు చిగ్గర్ మైట్. పంటల మీద వచ్చే ఎర్రనల్లి గురించి రైతులకి చెప్పక్కర్లేదు, ఇదీ ఆ నల్లుల జాతిదే. దీని ద్వారా వచ్చే జ్వరమే స్క్రబ్ టైఫస్. పేరులో టైఫస్ ఉంది కాబట్టి టైఫాయిడ్ అనుకోకండి. టైఫాయిడ్ నీళ్లు, తిండి ద్వారా వస్తుంది. ఇది నల్లి కుడితే వస్తుంది. రెండింటి క్రిములూ వేరు, మందులూ చాలావరకు వేరు. ఈ తేడా తెలియక మా ఇంట్లోనే ఒక ప్రాణం మీదికి వచ్చింది, అందుకే ఈ ఎపిసోడ్.

మా మామది చిత్తూరు వైపు పల్లెటూరు. కార్తీకమాసంలో ఒకరోజు గేదెకి గడ్డి కోయడానికి చెరువు గట్టు కిందికి వెళ్లాడు. ఒక పూటంతా అక్కడే గడ్డిలో కూర్చుని కోశాడు, మధ్యలో కాసేపు అదే గడ్డి మీద నడుం వాల్చాడు. పదకొండు రోజుల తర్వాత జ్వరం. తలనొప్పి, ఒళ్లంతా సుత్తితో కొట్టినట్టు నొప్పులు. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర మూడు రోజులు సెఫిక్సిమ్ మాత్రలు వాడాడు. తగ్గలేదు. టౌన్లో రక్తపరీక్ష చేస్తే ప్లేట్‌లెట్లు తగ్గాయన్నారు, డెంగీ టెస్టు మాత్రం నెగెటివ్. విడాల్ టెస్టు చేసి టైఫాయిడ్ అన్నారు, ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. జ్వరం అలాగే ఉంది. ఏడో రోజుకి దగ్గు, ఆయాసం మొదలయ్యాయి. అప్పుడు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం.

అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ రిపోర్టులన్నీ పక్కన పెట్టి, "పెద్దాయనా, చొక్కా పైకెత్తండి" అంది. చంకలు చూసింది, చెవుల వెనక చూసింది. తర్వాత మొలతాడు కొంచెం పక్కకి జరిపింది. దాని కిందే ఉంది, చిన్న పెసరగింజంత నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రటి అంచు. "ఇది ఎప్పుడైంది?" అని అడిగితే మామ, "ఏమో మేడం, నొప్పి లేదు, దురద లేదు. బీడీ నిప్పు పడిందేమో అనుకున్నా" అన్నాడు. అత్తకి కూడా తెలియదు దాని సంగతి. ఆ పెచ్చునే డాక్టర్లు ఎస్కార్ అంటారు. అచ్చం సిగరెట్టుతో కాల్చిన మచ్చలా ఉంటుంది. నల్లి కుట్టిన చోట, క్రిమి మొదట పెరిగిన చోట, చర్మం చచ్చిపోయి అలా తయారవుతుంది. అందరికీ కనిపించదు. కనిపిస్తే మాత్రం సగం పని అయిపోయినట్టే.

అయితే మొలతాడు కిందే ఎందుకు కుట్టింది? అసలు కుట్టింది ఎవరు? ఇక్కడినుంచే కథ ఆసక్తిగా ఉంటుంది.

ఈ నల్లి మట్టిలో గుడ్డు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చే పిల్లకి ఆరు కాళ్లు. సైజు పావు మిల్లీమీటరు కూడా ఉండదు, అంటే కంటికి దాదాపు కనిపించదు. ఆ పిల్ల ఒకసారి కడుపునిండా తిని నేలమీద పడి, కదలకుండా ఒక నిద్ర దశలోకి వెళ్తుంది. లేచేసరికి ఎనిమిది కాళ్లు వస్తాయి. మళ్లీ ఒక నిద్ర దశ, ఆ తర్వాత పూర్తి పెద్దది అవుతుంది. ఎనిమిది కాళ్లొచ్చాక అది మట్టి వదిలి పైకి రాదు. అక్కడే చిన్న చిన్న పురుగుల్నీ, వాటి గుడ్లనీ తింటూ బతుకుతుంది. మనుషుల జోలికీ, ఎలుకల జోలికీ రాదు. కుట్టేది ఆరు కాళ్ల పిల్ల మాత్రమే. అదీ జీవితంలో ఒకే ఒక్కసారి.

పిల్లే ఎందుకు? గుడ్డులోంచి వచ్చేటప్పుడు దాని ఒంట్లో నిల్వ పెద్దగా ఉండదు. తర్వాతి శరీరం కట్టుకోవడానికి ఒక పెద్ద భోజనం కావాలి. అంత చిన్న పిల్ల రోజూ వేటాడి అంత తిండి సంపాదించడం కష్టం. కదలని తిండి కంటే, నడిచొచ్చే ఎలుక మీదికి ఎక్కి రెండుమూడు రోజులు అంటిపెట్టుకోవడం దానికి తేలిక. పైగా రెక్కల్లేని ఈ జీవికి కొత్త చోటికి వెళ్లడానికి అదే బస్సు కూడా. ఎక్కిన చోటికీ దిగే చోటికీ మధ్య ఎలుక చాలా దూరం తిరుగుతుంది కదా. ఇది ఈ ఒక్క నల్లి అలవాటు కాదు, వంశపారంపర్యం. మన ఆరుద్ర పురుగు పిల్లలు కూడా ఇలాగే మిడతల్లాంటి పురుగుల్ని పట్టుకుని బతుకుతాయి. పెద్దయ్యాక వదిలేస్తాయి. చిగ్గర్ వంశం ఎలుకల్నీ, పక్షుల్నీ, బల్లుల్నీ ఎంచుకుంది. ఎలుకల చెవుల్లో ఇవి గుంపుగా అతుక్కుని ఉంటాయి. మనిషి మధ్యలో పొరపాటున తగిలినవాడే.

ఇది రక్తం తాగదు, ఆ మాట ఎవరైనా చెబితే నమ్మకండి. దీని నోటి కొక్కేలు చాలా పొట్టివి, రక్తనాళం దాకా వెళ్లవు. చర్మం పైపొరలో చిన్న గాటు పెట్టి లాలాజలం వదులుతుంది. దాంతో లోపలి కణాలు కరిగి జావలా అవుతాయి. గాటు చుట్టూ చర్మం గట్టిపడి ఒక గొట్టంలా తయారవుతుంది. అంటే మన చర్మంతోనే ఒక స్ట్రా చేసుకుని ఆ జావ పీలుస్తుందన్నమాట. నోరు పొట్టిది కాబట్టే పలచటి చర్మం వెతుక్కుంటుంది. గడ్డి కొసమీదినుంచి బట్టలమీదికి ఎక్కి, పైకి పాకుతూ పాకుతూ, ఎక్కడ బట్ట బిగుతుగా ఉండి దారి ఆగిపోతుందో అక్కడ ఆగుతుంది. నడుము, గజ్జలు, చంకలు, ఆడవాళ్లకైతే రొమ్ముల కింద. మా మామకి మొలతాడు దగ్గర ఆగింది.

ఇప్పుడు అసలు చిక్కుముడి. దోమ సంగతి మనకి తెలుసు. ఒకర్ని కుట్టి క్రిమిని తీసుకుంటుంది, ఇంకొకర్ని కుట్టి ఇస్తుంది. అంటే కనీసం రెండుసార్లు కుట్టాలి. చిగ్గర్ జీవితంలో కుట్టేదే ఒక్కసారి. మా మామని కుట్టిన పిల్ల అంతకుముందు ఎవర్నీ కుట్టలేదు. మరి దాని నోట్లోకి క్రిమి ఎలా వచ్చింది?

తల్లి నుంచి వచ్చింది. ఈ క్రిమి పేరు ఓరియెన్షియా సుసుగముషి. జపాన్ వాళ్లు పెట్టిన పేరు, సుసుగా అంటే కీడు, ముషి అంటే పురుగు. ఇది తల్లి నల్లి అండాశయంలోనే ఉంటుంది. గుడ్డులోకి వెళ్తుంది, పిల్లలోకి వస్తుంది. ఆ పిల్ల పెద్దయ్యేదాకా దాని ఒంట్లోనే ఉండి మళ్లీ దాని గుడ్లలోకి వెళ్తుంది. పిల్ల పుట్టుకతోనే క్రిమిని మోసుకుని వస్తుంది. రోగం ఉన్న ఎలుకని తిన్న పిల్లకి కూడా క్రిమి అంటొచ్చు గానీ, అలా అంటుకున్నది తర్వాతి తరం గుడ్లలోకి వెళ్లడం చాలా అరుదని ప్రయోగాల్లో తేలింది. కాబట్టి ఈ జబ్బుకి అసలు ఇల్లు ఎలుక కాదు, నల్లే. ఎలుక దానికి అన్నం పెట్టే పూటకూళ్లమ్మ.

ఇది తెలిస్తే చాలా సంగతులు అర్థమవుతాయి. ఒకే ఊళ్లో ఒక గట్టు కింద గడ్డికి వెళ్లినవాళ్లకే జ్వరాలొస్తాయి, పక్క పొలంవాళ్లకి ఏమీ ఉండదు. ఎందుకంటే క్రిమి ఉన్న నల్లుల కుటుంబం ఆ ముక్కలోనే తరాలుగా కాపురం ఉంటుంది. నల్లులన్నిట్లోనూ క్రిమి ఉండదు, కుట్టిన ప్రతిసారీ జబ్బు రాదు. ఇంట్లో ఒకరికొస్తే మిగతావాళ్లకి అంటుకోదు. మామని వేరే గదిలో పెట్టాలని మా పక్కింటివాళ్లు గొడవ చేశారు, అదంతా అనవసరం. అన్నట్టు, అమెరికాలో టెక్సస్ వైపు ఉన్న మనవాళ్లు పార్కుకెళ్లి చిగ్గర్స్ కుట్టాయని, దురదతో నిద్రలేదని రాస్తుంటారు. అవి వేరే జాతి. దురద పెడతాయి గానీ ఈ జబ్బు మోయవు. మన దగ్గరివి తిరకాసుగా ఉంటాయి, దురద పెట్టకపోవచ్చు, జబ్బు మాత్రం ఇస్తాయి.

మళ్లీ ఆసుపత్రికి వద్దాం. ముందు వాడిన మందులు ఎందుకు పనిచేయలేదు? సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ లాంటివి క్రిమి చుట్టూ ఉండే గోడని కూలుస్తాయి. ఈ క్రిమికి అలాంటి గట్టి గోడ దాదాపు లేదు, పైగా అది మన కణాల లోపల దాక్కుంటుంది. దీనికి కణంలోకి వెళ్లి పనిచేసే డాక్సీసైక్లిన్ గానీ అజిత్రోమైసిన్ గానీ కావాలి. గర్భిణులకి సాధారణంగా అజిత్రోమైసినే ఇస్తారు. డాక్టరమ్మ ఐజీఎం ఎలైజా టెస్టుకి రక్తం పంపింది, కానీ రిపోర్టు కోసం ఆగకుండా ఆ రాత్రే డాక్సీసైక్లిన్ మొదలుపెట్టింది. అదే కరెక్టు, ఎందుకంటే ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతింటాయి. ఇంకో సంగతి, జ్వరం మొదలైన మొదటి నాలుగైదు రోజుల్లో ఆ టెస్టు చేస్తే జబ్బున్నా నెగెటివ్ రావచ్చు. మామకి మూడో రోజు పొద్దునకి జ్వరం దిగింది. ఆయాసం తగ్గడానికి ఇంకో వారం పట్టింది. సాధారణంగా సరైన మందు పడితే రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది, దిగకపోతే వేరే కారణం వెతకాలి. అలాగని జ్వరం రాగానే మీరే మెడికల్ షాపులో డాక్సీ కొని మింగకండి. మీరు చేయాల్సింది డాక్టరుకి "గడ్డిలో, చేలో తిరిగాను" అని నోటితో చెప్పడం. ఆయన చూడకపోతే మచ్చ మీరే వెతికి చూపించడం. అద్దంలో కనిపించని చోట ఇంట్లోవాళ్లని చూడమనండి, సిగ్గుపడకండి.

టీకా లేదు. పొలానికి వెళ్లేటప్పుడు నిండు ప్యాంటు వేసుకుని అంచులు సాక్సుల్లోకి దోపుకోండి. గడ్డి మీద పడుకోవద్దు, బట్టలు ఆరేయొద్దు. రాగానే ఆ బట్టలు విప్పి వేడినీళ్లలో నానబెట్టి, సబ్బు పెట్టి ఒళ్లు గట్టిగా రుద్దుకుని స్నానం చేయండి. పిల్ల ఎక్కగానే కుట్టదు, చోటు వెతుక్కుంటూ కాసేపు తిరుగుతుంది. ఆ కాసేపట్లోనే కడిగేయాలి.

మామ ఇప్పుడు గడ్డికి వెళ్తున్నాడు, కానీ ఆ గట్టు కిందికి కాదు. ఇంటికి రాగానే అత్త ముందు మొలతాడు తిప్పి చూపించమంటుంది.