నా లింక్ నుంచి కొంటే నాకేం వస్తుంది? అఫిలియేట్ కమిషన్ లెక్క మొత్తం ఓపెన్‌గా

పోయిన వీడియో కింద ఒక తమ్ముడు కామెంట్ పెట్టాడు: "అక్కా, డిస్క్రిప్షన్‌లో లింకులు పెడతావు కదా, ఒక్కో లింక్‌కి నీకెంత వస్తుంది?" మంచి ప్రశ్న. చాలామందికి ఈ డౌట్ ఉంటుంది కానీ అడగరు. ఈరోజు నా లెక్కే మీ ముందు పెడతాను. మధ్యలో నేను చేసిన ఒక తప్పు కూడా చెప్తాను, ఎందుకంటే ఈ వీడియో చేయడానికి అసలు కారణం అదే.

నా ఛానల్ సంగతి మీకు తెలుసు. హాస్టల్ రూముల్లో ఉండి చదువుకునేవాళ్ల కోసం చేస్తాను. స్టడీ ల్యాంప్, కెటిల్, ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఇలాంటివే. సబ్‌స్క్రైబర్లు 1,400 మంది. పెద్ద ఛానల్ కాదు. ఎక్కువమంది అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి పోటీ పరీక్షలకి ప్రిపేర్ అయ్యేవాళ్లే.

ముందు లింక్ ఎలా పనిచేస్తుందో చూద్దాం. అమెజాన్ అసోసియేట్స్‌ని ఉదాహరణగా తీసుకుంటాను, మనవాళ్లు ఎక్కువగా వాడేది అదే కాబట్టి. లింక్ ఇలా ఉంటుంది:

```
https://www.amazon.in/dp/B0XXXXXXXX?tag=myroom-21
```

`dp` తర్వాత ఉన్నది వస్తువు నంబర్. ప్రశ్నార్థకం తర్వాత `tag=` అని ఉంది చూశారా, అది నా గుర్తు. ఈ లింక్ మీద ఎవరు నొక్కినా, "ఈ మనిషి ఫలానా వాళ్ల దగ్గర నుంచి వచ్చారు" అని సైట్‌కి తెలుస్తుంది. మీ ఫ్రెండ్‌కి ఈ లింక్ పంపేటప్పుడు ప్రశ్నార్థకం నుంచి చివరిదాకా చెరిపేసి పంపారనుకోండి, అదే వస్తువు, అదే పేజీ తెరుచుకుంటుంది, కానీ నా గుర్తు పోతుంది. మీకు ధరలో తేడా ఏమీ ఉండదు. కమిషన్ సైట్ తన డబ్బులోంచి ఇస్తుంది.

ఇప్పుడు కుకీ. నొక్కినవాళ్లు ఆ నిమిషంలోనే కొనరు కదా. రేటు చూస్తారు, రివ్యూలు చదువుతారు, అమ్మకి ఫోన్ చేస్తారు. అందుకని సైట్ ఆ బ్రౌజర్‌లో ఒక చిన్న చీటీ లాంటిది దాచిపెడుతుంది. దాన్నే కుకీ అంటాం. ఆ చీటీ ఎంతకాలం చెల్లుతుందో దాన్ని కుకీ పీరియడ్ అంటాం. అమెజాన్‌లో అది 24 గంటలు. వేరే ప్రోగ్రాముల్లో 30 రోజులు కూడా ఉంటుంది. చేరేముందు ఆ ప్రోగ్రాం రూల్స్‌లో మొదట చూడాల్సింది ఇదే.

ఒక ఉదాహరణ చెప్తాను. మీరు సోమవారం రాత్రి 9కి నా లింక్ నొక్కారు. మంగళవారం రాత్రి 9 లోపు కొంటే నాకు కమిషన్ వస్తుంది. బుధవారం నేరుగా సైట్‌కి వెళ్లి కొంటే రాదు. కానీ ఆ 24 గంటల్లో వస్తువుని కార్ట్‌లో వేసి ఉంచారనుకోండి, నొక్కిన రోజు నుంచి 89 రోజుల లోపు ఆర్డర్ పెట్టినా లెక్కలోకి వస్తుంది. ఇంటి నుంచి డబ్బులు వచ్చాక కొనే స్టూడెంట్స్ విషయంలో ఇది పెద్ద తేడా.

24 గంటలు కాకముందే చీటీ చెల్లకుండా పోయే సందర్భాలు కూడా ఉన్నాయి. మీరు ఒక ఆర్డర్ పెట్టగానే ఆ సెషన్ అయిపోతుంది, ఇంకో గంటకి ఇంకోటి కొంటే అది నా లెక్కలో ఉండదు. మధ్యలో ఇంకో యూట్యూబర్ లింక్ నొక్కినా నాది పోయి వాళ్లది వస్తుంది. ఇంకోటి, కుకీ ఉండేది మీరు నొక్కిన ఆ బ్రౌజర్‌లో. ఫోన్‌లో నొక్కి, తర్వాత ల్యాప్‌టాప్‌లో వెతుక్కుని కొంటే ఆ చీటీ అక్కడ ఉండదు. అందుకే క్లిక్స్ చాలా కనపడి ఆర్డర్లు తక్కువ కనపడితే కంగారు పడక్కర్లేదు.

ఇక డబ్బు లెక్క. ఎక్స్‌టెన్షన్ బోర్డు వీడియోకి 1,200 వ్యూస్ వచ్చాయి. లింక్ మీద 54 క్లిక్స్. ఆర్డర్లు 5. అందులో ఒకటి రిటర్న్ అయింది, రిటర్న్ అయితే కమిషన్ కూడా వెనక్కి పోతుంది. మిగిలినవి 4. బోర్డు ధర 799 రూపాయలు. కానీ కమిషన్ 799 మీద లెక్కేయరు, టాక్స్ తీసేసి లెక్కేస్తారు. 18 శాతం జీఎస్టీ తీస్తే 677 రూపాయలు. నాకు వచ్చిన రేటు 6 శాతం. అంటే బోర్డుకి దాదాపు 40 రూపాయల 60 పైసలు. నాలుగింటికి కలిపి 162 రూపాయలు. రేటు వస్తువు రకాన్ని బట్టి మారుతుంది, అందరికీ ఇదే అనుకోవద్దు. చిన్న ఛానల్‌కి ఒక వీడియో మీద వచ్చేది ఈ మాత్రమే. థంబ్‌నెయిల్‌లో లక్షలు చూపించేవాళ్ల మాట పక్కన పెట్టండి.

ఇప్పుడు నా తప్పు.

ఆ బోర్డు వీడియో చేసినప్పుడు నా రూమ్‌లో రెండు బోర్డులున్నాయి. ఒకటి రెండేళ్లుగా నేను వాడుతున్నది. కింద వీధిలో ఎలక్ట్రికల్ షాపులో కొన్నాను. దాని సాకెట్ 16 ఆంప్స్‌ది, వైరు లావుగా ఉంటుంది. రెండోది వీడియో కోసం ఆన్‌లైన్‌లో తెప్పించినది, 6 ఆంప్స్‌ది. చూడ్డానికి బాగుంటుంది, యూఎస్‌బీ పోర్టులు ఉన్నాయి. మొదటిదానికి లింక్ లేదు. రెండోదానికి ఉంది. నేను రెండోదే చూపించాను.

అబద్ధం ఏమీ చెప్పలేదు. "బాగుంది, హాస్టల్ రూమ్‌కి సరిపోతుంది" అన్నాను. కానీ నేను దాన్ని వాడింది రెండు రోజులు, అది కూడా ల్యాంప్‌కి, ఫోన్ ఛార్జింగ్‌కి. ఆ మాట చెప్పలేదు.

మూడు వారాల తర్వాత ఒక అమ్మాయి ఫోటో పంపింది. సాకెట్ నల్లగా మాడి, ప్లాస్టిక్ కొంచెం కరిగింది. "అక్కా, మీ వీడియో చూసే కొన్నాను. కెటిల్ పెట్టి, పక్క సాకెట్‌లో ఇస్త్రీ పెట్టె పెట్టాను. వాసన వస్తే తీసేశాను" అని రాసింది. ఆమెకి ఏమీ కాలేదు. ఆ రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు.

లెక్క చూడండి. కెటిల్ 1,500 వాట్లు, ఇస్త్రీ పెట్టె 1,000 వాట్లు. కలిపి 2,500. దాన్ని 230 వోల్టులతో భాగిస్తే దాదాపు 11 ఆంప్స్. బోర్డు మీద రాసి ఉన్నది 6. కెటిల్ ఒక్కటే పెట్టినా ఆరున్నర, అదే దాటిపోయింది. బోర్డు చెడ్డది కాదు, దాని పని అది కాదు. హాస్టల్ రూమ్ అంటేనే కెటిల్ ఉంటుందని నాకు తెలుసు. తెలిసి కూడా ఆ ఒక్క వాక్యం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, చెబితే సగం మంది కొనరు.

ఇక్కడే నాకు అఫిలియేట్ సిస్టమ్ అర్థమైంది. ఆ చీటీకి క్లిక్ తెలుసు, ఆర్డర్ తెలుసు, రిటర్న్ తెలుసు. నేను నిజం చెప్పానా లేదా అన్నది దానికి తెలియదు. మీరు నా లింక్‌తో వెళ్లి ల్యాంప్ బదులు దుప్పటి కొన్నా నాకు లెక్కలోకి వస్తుంది. రిటర్న్ గడువు దాటాక బోర్డు కాలిపోయినా నా కమిషన్ నా దగ్గరే ఉంటుంది. నాకు ఆ అమ్మాయి ఆర్డర్ మీద 40 రూపాయలు వచ్చాయి, ఇప్పటికీ రిపోర్ట్‌లో ఉన్నాయి. పెద్ద ఛానల్ అయితే ఆ ఫోటో వేల కామెంట్లలో కలిసిపోయేది. 1,400 మందిలో కలిసిపోదు. వాళ్లు ఒకే మెస్‌లో తింటారు, ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు.

నేను చేసింది ఇది. లింక్ తీసేశాను. జరిగింది రాసి పిన్ చేశాను. ఆ అమ్మాయికి బోర్డు డబ్బు 799 పంపాను. వద్దంది, అయినా పంపాను. అంటే ఆ వీడియో మీద నాకు 637 రూపాయలు నష్టం. సరే.

ఇప్పుడు నా పద్ధతి మార్చుకున్నాను. వీడియో మొదట్లోనే నోటితో చెప్తాను: "ఈ లింక్ నుంచి కొంటే నాకు కమిషన్ వస్తుంది." స్క్రీన్ మీద కూడా తెలుగులో వేస్తాను. డిస్క్రిప్షన్ అడుగున ఎవరూ చదవని చోట పెడితే చాలదు. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన గైడ్‌లైన్స్ కూడా అదే అంటాయి: వీడియోలోనే, కనపడేలా, వినపడేలా, మాట్లాడే భాషలోనే చెప్పాలి.

తర్వాత, వస్తువుని ఎన్ని రోజులు వాడానో, దేనికి వాడానో చెప్తాను. వాడకపోతే "వాడలేదు, పేజీలో చూసి చెప్తున్నాను" అంటాను. ఎవరు కొనకూడదో కూడా చెప్తాను. బోర్డు విషయంలో ఆ ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చివరగా, లింక్ లేని వస్తువు ఇంకా మంచిదైతే దాన్నే ముందు చూపిస్తాను. నా రెండేళ్ల బోర్డు లాంటిది ఏ ఎలక్ట్రికల్ షాపులో అడిగినా ఇస్తారు. "16 ఆంప్స్‌ది, కెటిల్‌కి" అని అడగండి చాలు. దాని మీద నాకు ఒక్క రూపాయి రాదు.

మీరు కూడా లింకులు పెట్టాలనుకుంటే ఒక జాగ్రత్త. మీ లింక్‌తో మీరే కొనడం, ఇంట్లోవాళ్లతో కొనిపించడం చేయకండి. అమెజాన్ రూల్స్ ప్రకారం అలాంటి ఆర్డర్లకి కమిషన్ ఇవ్వరు, అకౌంట్‌కే ముప్పు.

ఈ వీడియో కింద లింకులేమీ లేవు. మీ రూమ్‌లో ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉంటే ఇప్పుడే వెనక్కి తిప్పి, ఎన్ని ఆంప్స్ అని రాసి ఉందో చూడండి. 6 అని ఉంటే కెటిల్ దాంట్లోంచి తీసేయండి. వచ్చే వీడియోలో కలుద్దాం.