పన్ను కట్టని రైతు లేడు

(రైతు కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



"రైతులు పన్ను కట్టరు" అనే మాట మనం తరచూ వింటుంటాం. వ్యవసాయ ఆదాయం మీద ఆదాయపు పన్ను లేని మాట నిజమే. అంతమాత్రాన పన్నే కట్టడం లేదంటే ఒప్పుకోలేం. ఎవరు ఎంత కడుతున్నారో తేల్చాలంటే ముందు మూడు రకాల పన్నులను తెలుసుకోవాలి.

పన్ను భారాన్ని కట్టిన రూపాయలతో కొలవకూడదు. వచ్చిన ఆదాయంలో ఎంత వంతు పన్నుకు పోయిందో చూడాలి. ఆదాయం పెరిగేకొద్దీ ఆ వంతు తగ్గితే అది తిరోగామి పన్ను. అందరికీ ఒకే వంతు పడితే అనుపాత పన్ను. ఆదాయంతో పాటు వంతూ పెరిగితే పురోగామి పన్ను.

మొదట అమ్మకపు పన్ను, అంటే నేటి జీఎస్టీ సంగతి చూద్దాం. లెక్క కోసం నాలుగెకరాల్లో పత్తి వేసిన ఒక కౌలు రైతును తీసుకుందాం. ఖర్చులు పోను ఏడాదికి ఆయనకు మిగిలేది 1,20,000 రూపాయలు అనుకుందాం. పన్ను కలపక ముందు ధరలో 20,000 రూపాయల పురుగుమందులు కొన్నాడు. 18 శాతం చొప్పున వాటి మీద పన్ను 3,600. మరో 20,000 పెట్టి కొన్న ఎరువుల మీద 5 శాతం చొప్పున 1,000. సబ్బులు, నూనె, బట్టలు, చెప్పుల వంటి ఇంటి సరుకులు 40,000 రూపాయలవి కొన్నాడు. సగటున 8 శాతం వేసుకున్నా 3,200. మొత్తం 7,800 రూపాయలు. అంటే ఆయన ఆదాయంలో ఆరున్నర శాతం.

ఇప్పుడు పట్నంలో ఏడాదికి 30 లక్షలు సంపాదించే కుటుంబాన్ని చూడండి. వాళ్లు పది లక్షల సరుకులు కొని, సగటున 10 శాతం చొప్పున లక్ష రూపాయల పన్ను కట్టారనుకుందాం. రూపాయల్లో చూస్తే మన రైతు కంటే పన్నెండు రెట్లకు పైనే. ఆదాయంలో వంతు చూస్తే మాత్రం మూడు శాతం పైచిలుకు, అంతే. మిగిలిన డబ్బు బ్యాంకులోకో షేర్లలోకో పోతుంది. దాని మీద జీఎస్టీ పడదు. వచ్చిందంతా తిండికీ సాగుకూ ఖర్చు పెట్టేవాడి మీదే భారం ఎక్కువ. విడిగా అమ్మే బియ్యం, పాలు, కూరగాయల మీద పన్ను లేకపోవడం వల్ల ఈ భారం కొంత తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు.

మనకు ఇంకో చిక్కు ఉంది. వ్యాపారి తాను కట్టిన జీఎస్టీని అమ్మకం మీద వసూలు చేసిన పన్నులోంచి మినహాయించుకుంటాడు. కంపెనీ అయినా డీలరైనా అంతే. మనం పత్తి అమ్మేటప్పుడు బిల్లులో జీఎస్టీ వేసి వసూలు చేయలేం. కాబట్టి మందు మీద కట్టింది తిరిగి రాదు, పెట్టుబడిలో కలిసిపోతుంది. 1,180 రూపాయల మందు సీసాలో 180 పన్నే. బిల్లు అడిగి తీసుకోండి. అందులో సీజీఎస్టీ 9 శాతం, ఎస్‌జీఎస్టీ 9 శాతం అని విడివిడిగా ఉంటుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్లు, డ్రిప్, స్ప్రింక్లర్ల మీద పన్నును 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. రసాయన పురుగుమందుల మీద మాత్రం 18 శాతం అలాగే ఉంచారు.

రెండోది అనుపాత పన్ను. ఎస్టోనియా దేశం 1994లో ఆదాయాల మీద అందరికీ ఒకే రేటు, 26 శాతం పెట్టింది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. మన ఇద్దరి మీదా 5 శాతం వేసి చూడండి. రైతు 6,000, పట్నం కుటుంబం 1,50,000 కడతారు. వంతు ఒకటే. కానీ ఆ ఆరు వేలు పోతే రైతు ఇంట్లో పిల్లల ఫీజుకు తడుముకోవాలి. లక్షన్నర పోయినా అవతలి ఇంట్లో పొయ్యి ఆరదు. అందుకే ఒకే రేటు పెట్టే దేశాలు కూడా కొంత ఆదాయం వరకు మినహాయింపు ఇస్తుంటాయి. అలా ఇచ్చాక అది కొంత పురోగామి పన్నుగా మారుతుంది.

మూడోది ఆదాయపు పన్ను. 2025-26 కొత్త విధానంలో మొదటి 4 లక్షల మీద పన్ను లేదు. ఆపైన ప్రతి 4 లక్షలకూ 5, 10, 15, 20, 25 శాతం చొప్పున పెరుగుతూ, 24 లక్షలు దాటిన దాని మీద 30 శాతం పడుతుంది. 30 లక్షల మీద 30 శాతమంటే 9 లక్షలని కొందరు భయపెడతారు. అది తప్పు లెక్క. ఒక్కో మెట్టుకూ దాని రేటే. మొదటి 24 లక్షల మీద 3,00,000, చివరి 6 లక్షల మీద 1,80,000. సెస్సు కాక మొత్తం 4,80,000, అంటే 16 శాతం. పన్ను విధించే ఆదాయం 12 లక్షల లోపుంటే, జీతం వంటి మామూలు ఆదాయం మీద రిబేటు వల్ల కట్టాల్సింది ఉండదు.

కాబట్టి పేదవాడికి ఊరట కావాలంటే ప్రభుత్వం రాబడి కోసం జీఎస్టీ మీద తక్కువగా, ఆదాయపు పన్ను మీద ఎక్కువగా ఆధారపడాలి. మనం అడగాల్సింది ఇదే: రసాయన మందుల మీద పన్నును ఎరువులతో సమానంగా 5 శాతానికి తేవాలి. అర్జీ ఇచ్చేటప్పుడు ఈ సీజన్‌లో కొన్న మందుల బిల్లులు జత చేయండి. పన్ను కట్టడం లేదనే వాళ్లకు ఆ కాగితాలే జవాబు.