పదముల పుట్టుక – పరీక్షలో ప్రశ్న
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



తెలుగు పరీక్షలలో పర్యాయపదములు, వ్యతిరేకార్థకములు, ఒక్క మాటలో చెప్పవలసిన పదములు తప్పక కానవచ్చును. విద్యార్థులు పలువురు వీనిని పట్టికలుగా వల్లించి, పరీక్షాస్థలమున ఒకదానికి బదులు వేరొకటి వ్రాసి మార్కులు కోల్పోవుచున్నారు. వల్లించిన పట్టిక మఱపునకు వచ్చును. పదము పుట్టిన తీరు తెలిసినవానికి ఆ భయము తక్కువ.

మొదట పర్యాయపదములు. జలము, వారి, నీరము, అంబువు, తోయము అను అయిదును నీటికి పేర్లు. వీనికి చివర 'జ' చేరినచో 'పుట్టినది' అని అర్థము. ఇది 'జన్' ధాతువునుండి వచ్చినది. 'ద' చేరినచో 'ఇచ్చునది'. ఇది 'దా' ధాతువు. 'ధి' చేరినచో 'ధరించునది'. ఇది 'ధా' ధాతువు. కావున జలజము, వారిజము, నీరజము, అంబుజము, తోయజము అనునవి తామరలు. జలదము, వారిదము, నీరదము, అంబుదము, తోయదము అనునవి మేఘములు. జలధి, వారిధి, నీరధి, అంబుధి, తోయధి అనునవి సముద్రము. అయిదు మాటలును మూడు ప్రత్యయములును ఎఱిగినవానికి పదునైదు పదములు వల్లింపకయే వచ్చినవి.

ఒక ప్రశ్నను చూతము. "కార్తెలు దాటినను వారిదములు కానరాక రైతులు ఆకాశమువంక చూచుచుండిరి." గీత గీసిన పదము 'వారిదములు'. ఇచ్చిన సమాధానములు: తామరలు, మేఘములు, సముద్రములు, చేపలు. తొందరపడువాడు 'వారి' అను భాగమును మాత్రమే చూచి, నీటికి సంబంధించినదేదో ఒకటి గుర్తించును. నాలుగును నీటికి సంబంధించినవే! చివరి అక్షరమును చూచువానికి 'ద' కనబడును. నీటి నిచ్చునది మేఘము. రైతులు ఆకాశమువంక చూచుటయు దానినే బలపఱచుచున్నది. ధాతువును వాక్యమును ఒకే మాట చెప్పినచో సమాధానము సరియైనదని నమ్మవచ్చును.

అయితే ధాతువు ఒక్కటే చాలదు. నీటియందు పుట్టునవి చేపయు, నత్తయు, నాచును కలవు. అయినను వారిజమనగా లోకము తామరనే గ్రహించును. ఇట్టివానిని యోగరూఢములందురు. ఇక 'ద్విజ' శబ్దమునకు రెండుమార్లు పుట్టినదని అర్థము. గ్రుడ్డుగా ఒకమాఱు, పిల్లగా ఒకమాఱు పుట్టుటచే పక్షియు, ఊడి మరల మొలచుటచే దంతమును, ఉపనయనమును రెండవ జన్మముగా భావించుటచే విప్రుడును ఈ పేరు పొందిరి. "ద్విజములు గూళ్లు చేరుచున్నవి" అన్నచో పక్షులు. "ముదుసలికి ద్విజములు రాలినవి" అన్నచో దంతములు. "ద్విజులు స్నానమునకు పోవుచున్నారు" అన్నచో విప్రులు. ఇచట క్రియాపదము తుదినున్న 'వి', 'రు' అను అక్షరములే సగము దారి చూపుచున్నవి.

వ్యతిరేక పదములయందు హల్లుకు ముందు 'అ', అచ్చుకు ముందు 'అన్' చేరును: ధర్మము – అధర్మము, ఉచితము – అనుచితము, ఆదరము – అనాదరము. కాని 'అను' అని మొదలగు ప్రతి పదమును వ్యతిరేకము కాదు. అనుచితమునందు 'అన్' తీసివేసినచో 'ఉచితము' మిగులును. అనుచరుడునందు అట్లు తీసినచో 'ఉచరుడు' మిగులును. అట్టి మాట లేదు. అది వెంట నడచువాడను అర్థమిచ్చు 'అను' ఉపసర్గ. మఱియు అమూల్యమనగా విలువలేనిది కాదు, వెలకట్టరానిది. కనుక చేర్చిన అక్షరమును చూచుటతో ఆగక, వాక్యమున అర్థమును సరిచూడవలెను.

ఒక్క మాటలో చెప్పవలసినవానిలో కోరికను తెలుపు పదములకొక గుర్తు కలదు. ధాతువు తొలి అక్షరము రెట్టించును. తెలిసికొను 'జ్ఞా' ధాతువునుండి జిజ్ఞాస, త్రాగు 'పా' ధాతువునుండి పిపాస, విడుచు 'ముచ్' ధాతువునుండి ముముక్ష పుట్టినవి. ఆ కోరిక గలవాడు జిజ్ఞాసువు, పిపాసువు, ముముక్షువు. ఇందును ఒక మెలిక కలదు. 'శుశ్రూష' వినుట అను అర్థముగల 'శ్రు' ధాతువునుండి వచ్చినది. మొదటి అర్థము వినగోరిక. నేడు తెలుగున రోగికి చేయు సేవయే శుశ్రూష. వ్యుత్పత్తి అడిగినచో మొదటిదియు, అర్థ మడిగినచో రెండవదియు వ్రాయవలెను.

ఇంతకును పద్ధతి యిది: మొదట వాక్యమును పూర్తిగా చదువవలెను, పిమ్మట పదమును విడదీయవలెను, తుదకు ఎన్నుకొన్న సమాధానమును ఆ వాక్యమునందే పెట్టి మరల చదువవలెను. అర్థము చెడినచో విడదీతలో పొరపాటున్నదని గ్రహింపవలెను. ఇంట చదువుకొనునపుడు సందేహము కలిగినచో, 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరమును తెఱచి చూచుట మేలు. పదమునకు గల అర్థములన్నియు అందు వరుసగా కానవచ్చును. వానిలో ఏది తగునో వాక్యమే చెప్పును.