ఒక్క నక్షత్రం, ముప్పై సెంటీమీటర్లు

(సూరత్‌లో జరిగిన సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

మా వారు మన బ్యాంకులో పనిచేస్తారు. నేను రింగ్ రోడ్ మీద ఒక టెక్స్‌టైల్ మార్కెట్లో చిన్న చీరల దుకాణం నడుపుతున్నాను. మైకు పట్టుకోవడం నాకు అలవాటు లేదు. అందుకే మా దుకాణంలో జరిగిన ఒక్క సంగతే చెప్పి కూర్చుంటాను.

ఒక రాత్రి భోజనాలయ్యాక ఫోన్ మోగింది. గూగుల్‌లో మా దుకాణానికి ఎవరో ఒక్క నక్షత్రం ఇచ్చారు. కింద తెలుగులోనే రాశారు: "సీమంతానికి కొన్న చీర. చీటీ మీద 6.30 మీటర్లని ఉంది. కడితే కుచ్చిళ్లు నాలుగే పడ్డాయి. మోసం." లింబాయత్, ఉధ్నా వైపు ఉండే మనవాళ్లే మా ఖాతాదారుల్లో ఎక్కువ. వాళ్లంతా చదువుతారు కదా అని ఒళ్లు మండిపోయింది. "మీకు చీర కట్టడం రాకపోతే మేమేం చేస్తాం" అని టైపు చేసేశాను కూడా.

మా వారు ఫోన్ తీసి పక్కన పెట్టారు. "కౌంటర్ దగ్గర ఎవరైనా డబ్బు తగ్గిందని అరిస్తే మేం వాదించం. ముందు లెడ్జర్ చూస్తాం. నువ్వు చీర కొలిచావా?" అన్నారు. కొలవలేదు.

తెల్లవారి దుకాణం తెరవగానే ఆ డిజైన్ చీరలు బయటికి తీశాను. మొత్తం 24 తెచ్చాం, 10 అమ్ముడుపోయాయి, 14 మిగిలాయి. 6.30 కట్ అంటే చీర 5.50 మీటర్లు, జాకెట్టు ముక్క 80 సెంటీమీటర్లు. జార్జెట్‌ను లాగి కొలిస్తే సాగుతుంది, తప్పు లెక్క వస్తుంది. అందుకని బల్ల మీద లాగకుండా పరిచి, అంచు వెంట టేపు పెట్టి కొలిచాం. తొమ్మిది సరిగ్గా ఉన్నాయి. అయిదు 6 మీటర్లే వచ్చాయి. జాకెట్టు ముక్క పోను చీర 5.20 మాత్రమే. ఆవిడ చెప్పింది నిజమే.

సరుకు పంపిన వ్యాపారికి ఫోన్ చేశాం. ఆ అయిదింటికీ ఎంబ్రాయిడరీ దట్టంగా ఉంది. కుట్టు పడేకొద్దీ బట్ట దగ్గరికి లాక్కుంటుంది. ఆయన చీటీ మీద వేసిన కొలత పని వేయక ముందుది. ఎవరూ మోసం చేయలేదు, ఎవరూ మళ్లీ కొలవలేదు. కానీ చీటీని నమ్మి డబ్బు తీసుకున్నది మేమే.

అప్పుడు జవాబు రాశాను: "అమ్మా, క్షమించండి. ఈరోజు అదే రకం చీరలు కొలిచాం. కొన్ని 30 సెంటీమీటర్లు తక్కువ ఉన్నాయి. మీ మాట నిజం. జాకెట్టు ముక్క కత్తిరించినా, ఫాల్ కుట్టించినా సరే, చీర మారుస్తాం లేదా డబ్బు తిరిగిస్తాం. బిల్లు ఇక్కడ పెట్టకండి, దుకాణం నంబరుకు పంపండి." అంతే. బిల్లు మీద పేరు, ఫోన్ నంబరు ఉంటాయి. అవి పదిమంది చూసేచోట పెట్టించకూడదు.

ఆవిడ మూడో రోజు వచ్చింది. డబ్బు తీసుకుంది, చీర మార్చుకోలేదు. నక్షత్రాలు మార్చమని నేను అడగలేదు. డబ్బో, కానుకో ఇచ్చి రివ్యూ మార్పించుకోవడం గూగుల్ నిబంధనలకే విరుద్ధం. తర్వాత ఆవిడే ఒకటిని మూడు చేసింది. అయిదు చేయలేదు. సీమంతం రోజు పోయింది కదా, అది నేను తిరిగి ఇవ్వలేను.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది మిగతా తొమ్మిదిమంది. వాళ్లేమీ రాయలేదు. బిల్లుల్లో ఆరుగురి నంబర్లు దొరికాయి. ఫోన్ చేసి, చీర కొలిచి చూడమన్నాం. ఇద్దరివి పొట్టివే. ఒకావిడ, "మళ్లీ మీ కొట్టుకి రాకూడదనుకున్నానక్కా" అంది. నంబరు లేని ముగ్గురి సంగతి ఇప్పటికీ తెలియదు. రాసినావిడ మీద కోపం ఆ రోజే పోయింది. ఆవిడ రాయకపోతే ఆ మిగిలిన అయిదు చీరలూ అమ్మేసేవాళ్లం.

ఇప్పుడు కొత్త సరుకు రాగానే ప్రతి కట్టలో మూడు చీరలు కొలుస్తాం. ఒక్కటి తగ్గినా కట్టంతా కొలుస్తాం. ఎంబ్రాయిడరీ చీరలైతే ఒక్కటీ వదలం. ఆర్డరు కాగితం మీద "పొడవు పని అయ్యాక కొలిచినదే" అని రాయిస్తున్నాం. ఆ వ్యాపారి అయిదు చీరలూ వెనక్కి తీసుకున్నాడు. కౌంటర్ అంచున టేపు అతికించాం, అడిగినవాళ్ల ముందే కొలుస్తాం.

ప్రతి ఫిర్యాదూ నిజమే కాదు. ఒకసారి మేం అమ్మని రకం చీర గురించి ఎవరో తిట్టారు. "మా బిల్లుల్లో ఈ చీర కనబడలేదు, బిల్లు పంపితే చూస్తాం" అని రెండు వాక్యాలు రాసి, గూగుల్‌కు తెలియజేశాం. నచ్చలేదన్నంత మాత్రాన వాళ్లు తీసేయరు. అది ఇంకా అక్కడే ఉంది. దాని కింద మా రెండు వాక్యాలూ ఉన్నాయి.

ఆ రాత్రి టైపు చేసిన మాట పంపి ఉంటే అదీ అక్కడే ఉండేది. అందుకే మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం: జవాబు రాసేది పగలు, దుకాణంలో, టేపు చేతిలో పట్టుకున్నాకే. సెలవు.