నలుగురి పులిహోర నాలుగు వందల మందికి
(సంఘ సర్వసభ్య సమావేశం, కంచికచర్లలో చేసిన ప్రసంగ పాఠం)



రాబోయే వార్షికోత్సవానికి కాంట్రాక్టు వంట మాని, మనమే వండుకుందామని కార్యవర్గం తీర్మానించింది. నాలుగు వందల విస్తళ్లు లేస్తాయని అంచనా. మనలో సగంమందికి రక్తపోటు ఉంది, కొందరికి మధుమేహం కూడా. ఒకసారి ఎక్కువైన ఉప్పును తీసే ఉపాయం ఏ వంటవాడి దగ్గరా లేదు. అందుచేత ఒక్క పులిహోరనే ఉదాహరణగా తీసుకుని, ఇంటి కొలతను పెద్ద గుండిగకు ఎలా మార్చుకోవాలో నాలుగు మాటలు మనవి చేస్తాను.

అందరం చేసే మొదటి లెక్క, నలుగురికి చేసినది నూరు రెట్లు చేస్తే సరిపోతుందని. ఇక్కడే తేడా వస్తుంది. ఇంట్లో పులిహోర చేసిన పూట అదే భోజనం. నలుగురికి 400 గ్రాముల బియ్యం పోస్తాం. విందులో అయితే పప్పు, కూర, పచ్చడి, పెరుగన్నం మధ్య పులిహోర ఒక వంటకం మాత్రమే. మనిషికి 60 గ్రాముల బియ్యం చాలు. నాలుగు వందల మందికి 24 కిలోలు. అంటే హెచ్చవేత నూరు కాదు, అరవై. మనుషులను బట్టి కాక, బియ్యం బరువును బట్టి లెక్క కట్టాలి.

తరువాత, చెంచాలను, గుప్పెళ్లను గ్రాములలోకి మార్చుకోవాలి. ఇంట్లో నిమ్మకాయంత చింతపండు అంటాము. తూస్తే 50 గ్రాములు. అంచుకు సమంగా మూడు చిన్న చెంచాల మెత్తని ఉప్పు 18 గ్రాములు. అదే చెంచాతో కళ్లుప్పు కొలిస్తే పలుకుల మధ్య ఖాళీ వల్ల బరువు తగ్గుతుంది. నలుగురికి ఆ తేడా తెలియదు. అరవై రెట్లయ్యేసరికి వంట చెడుతుంది. తిరుమల లడ్డూకు ఉన్న ‘దిట్టం’ ఇందుకే. 5100 లడ్డూలకు శనగపిండి 180 కిలోలు, చక్కెర 400 కిలోలు అని బరువులలో రాసిపెట్టుకున్నారు. ఒక్క లడ్డూ కొలతను ఎవరూ హెచ్చవేయరు. మనకూ అలాంటి దిట్టం కావాలి: బియ్యం 24 కిలోలు, చింతపండు 3 కిలోలు, ఉప్పు 1 కిలో 80 గ్రాములు, నూనె సుమారు 3 లీటర్లు.

ఇక నీరు, సెగ. ఇవి హెచ్చవేతకు లొంగవు. గిన్నెను అన్ని వైపులా నాలుగు రెట్లు పెంచామనుకోండి. లోపల పట్టే సరుకు 64 రెట్లు పెరుగుతుంది, పైమూతి వైశాల్యం, అడుగు వైశాల్యం 16 రెట్లే పెరుగుతాయి. అంటే ఒక్కొక్క లీటరుకు దొరికే పైతలం నాలుగో వంతే. నీరు ఆవిరి కావడం పైతలం మీద ఆధారపడుతుంది కనుక, ఇంట్లో 200 మిల్లీలీటర్ల నీళ్లు పోసే చోట ఇక్కడ 12 లీటర్లు పోస్తే పులుసు ఎంతకూ దగ్గరపడదు. గంటలకొద్దీ మరిగి నల్లబడుతుంది, అడుగంటి చేదెక్కుతుంది. అందుకే 3 కిలోల చింతపండును 7 లీటర్ల వేడినీటిలో నానవేసి, గట్టిగా పిసికి, పీచు, గింజ తీసి, వెడల్పాటి మూకుడులో ఉడికించాలి. గడియారం చూడనక్కరలేదు. గరిటె లాగితే గీత నిలిచి, అంచున నూనె తేలితే దించవచ్చు.

తిరగమోతలో కూడా ఇదే సూత్రం. రెండు చెంచాల నూనె పొయ్యి దించగానే చల్లారుతుంది. 3 లీటర్ల నూనె దించాక కూడా చాలాసేపు వేయిస్తూనే ఉంటుంది. శనగపప్పు లేత బంగారు రంగులో ఉండగానే దించితే సరైన రంగుకు వస్తుంది. సరైన రంగు వచ్చేదాకా ఆగితే మాడుతుంది. వేరుశనగ గుళ్లను విడిగా వేయించుకుని చివర కలుపుకోవాలి. ఎండుమిర్చి, ఇంగువ ఇంత నూనెలో ఎక్కువసేపు నాని, తమ ఘాటు ఎక్కువ ఇస్తాయి. అందుకని వీటిని లెక్కకు వచ్చినదాంట్లో ముప్పాతిక వంతే వేయడం మంచిది.

అన్నం ఒకే గుండిగలో వద్దు. 24 కిలోల బియ్యం ఒకేసారి వండితే పైమెతుకు పలుకుగా ఉండగానే అడుగు మెత్తనవుతుంది. 6 కిలోల చొప్పున నాలుగు వాయిలు చేసి, ఒక్కొక్కదానికి పావుగంట ఎడం ఉంచాలి. అప్పుడు వార్చే మనుషులు అన్నిటికీ సమయానికి అందుతారు. కొత్త బియ్యం జిగురు కడతాయి కనుక పాతబియ్యం ఎంచుకోవాలి. అరగంట నానిన బియ్యాన్ని 30 లీటర్ల మరిగే నీటిలో పోయాలి. మెతుకును నొక్కితే మధ్యలో సూదిమొనంత పలుకు మిగిలి ఉండగానే గంప మీద గుడ్డ పరచి గంజి వార్చేయాలి. మిగతాది దాని వేడికే ఉడుకుతుంది. ఎసట్లో ఉప్పు వేయకూడదు. గంజితో ఎంత పోయిందో, అన్నంలో ఎంత నిలిచిందో తెలియదు, దిట్టం చెడుతుంది. వార్చిన అన్నాన్ని వెంటనే పళ్లాలలో పలుచగా పరచి, పసుపు, కొంచెం నూనె చల్లాలి. కుప్పగా ఉంచితే మెతుకు చిదిమిపోతుంది. అంతకన్నా ముఖ్యం, గోరువెచ్చగా గంటలకొద్దీ ఉన్న అన్నంలో ఉడుకుకు చావని సూక్ష్మజీవులు పెరిగి వాంతులు కలిగిస్తాయి. మన వేసవిలో ఈ ప్రమాదం ఎక్కువ. కలిపిన పులిహోరను నాలుగు గంటలలోపు వడ్డించడం క్షేమం.

ఇప్పుడు ఉప్పు సంగతి. మొత్తం 1080 గ్రాములలో 800 గ్రాములే ముందు పులుసులో వేసి కలపాలి. మిగిలిన 280 గ్రాములు చేతిలో ఉంచుకోవాలి. 24 కిలోల బియ్యం వండితే సుమారు 65 కిలోల అన్నం అవుతుంది. అందులో నూరో వంతు 650 గ్రాములు. పులుసును తూచి, అందులో కూడా నూరో వంతు తీసి, ఈ అన్నంతో ఒక బేసినులో కలిపి, పది నిమిషాలు ఆగాలి. పొగలు కక్కుతుండగా రుచి చూస్తే ఉప్పు, పులుపు సరిగా తెలియవు. కొంచెం చల్లారాక ఇద్దరు ముగ్గురు రుచి చూడాలి. చప్పగా ఉంటే పావు చెంచా ఉప్పు కలపండి. పావు చెంచా గ్రామున్నర. సరిపోయిందంటే మొత్తానికి నూరు రెట్లు, అంటే 150 గ్రాములు వేయవలసి ఉంటుంది. అప్పుడు మొత్తం ఉప్పు 950 గ్రాములు. పులుపు కూడా ఈ బేసినులోనే తేలుతుంది. ఏడాదికొక తీరుగా వచ్చే చింతపండు మీద కాగితపు లెక్క నమ్మకూడదు. తక్కువైతే కొంచెం నిమ్మరసంతో సరిదిద్దవచ్చు. ఎక్కువైతే కొంత పులుసు కలపకుండా పక్కన పెట్టుకోవచ్చు. ఏది చెడినా పోయేది ఆ 650 గ్రాములే.

రుచి సరిపోయే దగ్గరే కాకుండా, దానికి కాస్త దిగువనే ఆగమని నా మనవి. విస్తరిలో మొదట ఉప్పు వడ్డించడం మన ఆనవాయితీ. కావలసినవారు కలుపుకుంటారు. రక్తపోటు ఉన్నవారు కలుపుకోకుండా తింటారు.

చివరగా, ఆ రోజు వేసిన ప్రతి సరుకు బరువునూ, మిగిలిన అన్నం బరువునూ ఒక కాగితం మీద రాయించండి. ఎంతమంది తిన్నారో కూడా రాస్తే, మనిషికి 60 గ్రాములన్న నా అంచనా ఎంతవరకు నిజమో తేలుతుంది. వచ్చే ఏడాది వంటకు దిట్టం ఆ కాగితమే అవుతుంది.