సౌండ్ లేకున్నా అర్థం కావాలె

రూములో నైట్ డ్యూటీ వాళ్లు పడుకుంటారు కాబట్టి మనం వీడియోలు సౌండ్ తీసేసే చూస్తాం. పోయిన ఎండాకాలం, యూఏఈలో మధ్యాహ్నం పని నిషేధం మీద నేనొక వీడియో చేసిన. టైము నోటితో చెప్పిన. తెర మీద మాత్రం ‘ఈ టైములో ఎండలో పని చేయించొద్దు’ అని రాసిన. చూసిన తమ్ముడు ‘ఏ టైములనే అన్నా?’ అని అడిగిండు.

అప్పుడు ఇట్లా మార్చిన:

‘జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా
మధ్యాహ్నం 12:30 – 3:00 ఎండలో పని బంద్’

ఒకసారికి రెండు లైన్లే పెట్టండి. నెమ్మదిగా రెండుసార్లు చదివేదాకా ఉంచండి. మరీ అడుగున రాస్తే బటన్ల వెనక దాగిపోతది. పంపే ముందు మ్యూట్ చేసి రూములో ఒకరికి చూపించండి. తేదీలు, టైము ఆయనే తిరిగి చెప్తేనే పంపండి.